రెండు జాతకాల మధ్య శని: కట్టుబాటా, ఆలస్యమా, బరువా ఎలా తేల్చుకోవాలి

మాఘమాసం ముందర, శ్రావణం ముందర నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. హన్మకొండ, పరకాల, జమ్మికుంట, ఎక్కడి నుంచైనా ప్రశ్న ఒకటే. "అన్నా, పిల్లగాడి శని మా బిడ్డ చంద్రుడిని చూస్తున్నడంట. యాప్‌ల ఎర్ర గుర్తు వచ్చింది. చెయ్యాల్నా వద్దా, ఒక్క మాట చెప్పుండ్రి."

ఒక్క మాటలో చెప్పే సంగతి కాదు. ఆ ఎర్ర గుర్తు వెనకాల మూడు రకాల అర్థాలు ఉంటాయి. ఇద్దరిని పట్టి ఉంచే కట్టుబాటు కావచ్చు, పని జరిగేదే కానీ ఆలస్యం కావచ్చు, లేదా ఒకరి మనసు మీద ఇంకొకరు పెట్టే బరువు కావచ్చు. ఏది అన్నది మీరే ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను. గుణమేళనం, నాడి, కుజదోషం నేను ముట్టుకోవడం లేదు. వాటి సంగతి మీ అయ్యగారు చూసే ఉంటారు. 36 గుణాల లెక్కంతా చంద్రుడి నక్షత్రం, రాశి మీద నడుస్తుంది. అందులో ఒకరి శని ఇంకొకరి గ్రహాల మీద ఎలా పడిందన్న ప్రశ్నే రాదు. అందుకే దీన్ని విడిగా చూడాలి.

కావలసినవి

ఇద్దరి పుట్టిన తేదీ, సమయం, ఊరు. డిగ్రీలతో సహా గ్రహాల స్థానాలు చూపించే ఏదైనా జాతకం సాఫ్ట్‌వేర్. ఒక తెల్ల కాగితం, పెన్ను. రాశిచక్రం గళ్ళు మాత్రమే ఉండి డిగ్రీలు లేని పాత జాతకం ఒక్కటే ఉంటే ఈ పని సగం వరకే నడుస్తుంది. ఆ తేదీ, సమయం తీసుకుని కొత్తగా వేసుకోండి.

1. ముందు తేదీ అసలుదేనా అని అడగండి

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మన దగ్గర 1990లలో పుట్టిన చాలామందికి పదో తరగతి మెమోలో ఉన్న తేదీ ఒకటి, నిజంగా పుట్టిన తేదీ ఒకటి. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోవడానికి జూన్‌లో ఏదో ఒక తేదీ వేయించేవాళ్లు. సంబంధాల బయోడేటాలో మెమో తేదీ రాసి, జాతకం కూడా దాని మీదే వేయించిన ఇళ్లు నేను చూశాను.

శని ఏడాదికి 12 డిగ్రీలే కదులుతాడు కాబట్టి తేదీ నెల అటూ ఇటూ అయినా శని మహా అయితే నాలుగు డిగ్రీలు తప్పుతాడు. కానీ చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు నడుస్తాడు. తేదీ ఒక్క రోజు తప్పినా చంద్రుడితో చూసే లెక్కంతా పోతుంది. కాబట్టి వాళ్ల అమ్మనో అమ్మమ్మనో అడగండి. "ఏ పండుగ దగ్గర, ఏ వారం, పొద్దునా రాత్రా?" బతుకమ్మ నడుస్తుంటే పుట్టిందని ఒకామె చెప్పిన మాటతో, మెమోలోని జూన్ తేదీ నాలుగు నెలలు తప్పని తేలింది.

సమయం గంట అటూ ఇటూ అయితే చంద్రుడికి అర డిగ్రీ తేడా, అంతే. దానికి టెన్షన్ వద్దు. లగ్నం మాత్రం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది, దాదాపు రెండు గంటలకు రాశే మారిపోతుంది. సమయం గట్టిగా తెలియకపోతే లగ్నంతో, లగ్నం నుంచి ఏడో ఇల్లయిన సప్తమంతో చేసే లెక్కలు వదిలేయండి. చంద్రుడు, సూర్యుడు, శుక్రుడు చాలు.

2. రెండు జాతకాలూ ఒకే అయనాంశలో వేయండి

రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే లెక్కే అయనాంశ. పిల్లవాడి జాతకం ఒక యాప్‌లో, అమ్మాయి జాతకం ఇంకో వెబ్‌సైట్‌లో వేస్తే, ఒకటి లాహిరిలో, ఇంకొకటి పాశ్చాత్య సాయన పద్ధతిలో వచ్చి ఉండవచ్చు. ఈ రెంటికీ మధ్య సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. అంటే దాదాపు ఒక రాశి అంతా జరిగిపోయినట్టు. లాహిరికి, రామన్ అయనాంశకు తేడా డిగ్రీన్నర దాకా ఉంటుంది. చూడటానికి చిన్నదే కానీ, మనం మూడు డిగ్రీల లోపు అని కొలిచే చోట అది చిన్నది కాదు.

ఏ అయనాంశ సరైనదన్న గొడవ ఇక్కడ అవసరం లేదు. రెండూ ఒకే దానిలో ఉంటే ఇద్దరి గ్రహాల మధ్య ఎడం మారదు. లాహిరి, అదే చిత్రపక్షం, పెట్టుకోండి. మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే.

3. స్థానాలను మొత్తం డిగ్రీల్లోకి మార్చండి

మేషం 0 నుంచి మొదలవుతుంది. వృషభం 30, మిథునం 60, కర్కాటకం 90, సింహం 120, కన్య 150, తుల 180, వృశ్చికం 210, ధనుస్సు 240, మకరం 270, కుంభం 300, మీనం 330. గ్రహం ఉన్న రాశి సంఖ్యకు దాని డిగ్రీలు కలపండి. మకరంలో 21 డిగ్రీలు అంటే 291.

అన్ని గ్రహాలూ రాయొద్దు. ఒక్కొక్కరికి శని, చంద్రుడు, సూర్యుడు, శుక్రుడు. సమయం పక్కా అయితే లగ్నం. అంతకు మించి రాస్తే ప్రతి జంటలోనూ ఏదో ఒకటి దొరుకుతుంది, అప్పుడు దేనికీ విలువ ఉండదు.

4. శని నుంచి ముందుకు లెక్కపెట్టండి

మన శాస్త్రంలో శనికి 3, 7, 10 దృష్టులు, అంటే తను ఉన్న రాశి నుంచి ముందుకు మూడో, ఏడో, పదో రాశులను చూస్తాడు. తను కూర్చున్న రాశి ఎలాగూ ఉంది. డిగ్రీల్లో చెప్పాలంటే శని నుంచి ముందుకు 0, 60, 180, 270. ఒకరి శనిని పట్టుకుని, రెండోవారి గ్రహం ఎంత ఎడంలో ఉందో ఇలా చూడండి:

```
ఎడం = రెండోవారి గ్రహం − మొదటివారి శని
(మైనస్ వస్తే 360 కలపాలి)
```

వచ్చిన ఎడం 0, 60, 180, 270లలో దేనికి దగ్గరగా ఉందో చూడండి. 360 అన్నా 0 యే, కాబట్టి 358 వస్తే 0కి రెండు డిగ్రీల తేడా. మూడు డిగ్రీల లోపు తేడా అయితే గట్టిది. మూడు నుంచి ఆరు అయితే ఉంది కానీ నెమ్మది. ఆరు దాటితే, రాశి లెక్కలో దృష్టి ఉన్నా, రెండు జాతకాలు కలిపి చదివేటప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోను. ఈ మూడు, ఆరు అనేవి నేను వాడే హద్దులు. ఏ శ్లోకంలోనూ లేవు.

మొదటిసారి చేసేవాళ్లు వెనక్కి లెక్కపెట్టేస్తారు. శని నుంచి ముందుకు మూడో రాశి దృష్టిలో ఉంటుంది, వెనక్కి మూడో రాశి ఉండదు. పాశ్చాత్య పద్ధతిలో ముందూ వెనకా తేడా లేదు, 60 ఎటు ఉన్నా 60 యే, 90 ఎటు ఉన్నా 90 యే, 120 కూడా కలుపుతారు. రెండు పద్ధతుల్లో దేనితోనైనా చూడొచ్చు. కానీ మంచి కనబడితే ఒక పద్ధతి, చెడు కనబడితే ఇంకో పద్ధతి అని మార్చుకుంటూ పోవద్దు.

రాశి అంచుల దగ్గర చిక్కు వస్తుంది. శని మకరం 29లో, చంద్రుడు సింహం 1లో ఉంటే ఎడం 182. డిగ్రీల్లో ఎదురెదురే, రాశుల్లో మాత్రం ఎనిమిదో ఇల్లు, దృష్టి లేదు. ఇలాంటిది వస్తే నేను పక్కన "సగం" అని రాసి పెట్టుకుంటాను, దాని ఒక్కదాని మీద ఏమీ తేల్చను.

5. ఈడువాళ్ల పరీక్ష చేయండి

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

శని ఒక రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు. 1990 డిసెంబర్ నుంచి 1993 మార్చి దాకా మకరంలోనే ఉన్నాడు. ఆ కాలంలో పుట్టిన ప్రతి పిల్లవాడి శనీ కర్కాటకాన్ని ఏడో దృష్టితో చూస్తాడు. కర్కాటక రాశి అమ్మాయికి ఆ ఈడు సంబంధాలు పది వస్తే, పదిమంది శనులూ ఆమె చంద్రుడిని చూస్తున్నట్టే యాప్ చూపిస్తుంది. ఒక తల్లి నాలుగు సంబంధాలు వరసగా వదులుకుంది, అన్నిటికీ అదే ఎర్ర గుర్తు అని. ఐదోదానికి కూడా అదే వచ్చింది. వస్తుంది మరి, ఐదుగురూ దాదాపు ఒకే బ్యాచ్.

డిగ్రీలు చూస్తే విడిపోతారు కదా అంటారా? కొంతవరకే. శని ఏటా నాలుగున్నర నెలలు వక్రిస్తాడు, వచ్చిన దారినే వెనక్కి పోయి మళ్లీ వస్తాడు. 1992 మార్చి నుంచి డిసెంబర్ దాకా మకరంలో 18కి, 25కి మధ్యనే ముందుకూ వెనక్కూ తిరిగాడు. అంటే ఆ పది నెలల్లో పుట్టిన వాళ్లందరి శనీ ఇంచుమించు ఒక్కచోటే.

కాబట్టి ఇలా అడగండి: "ఈ పిల్లవాడి బదులు ఇతని క్లాస్‌మేట్‌ను పెడితే ఈ లెక్క మారుతుందా?" మారకపోతే అది ఇతని గురించి చెప్పే మాట కాదు. ఆ అమ్మాయికి ఆ ఈడు మగవాళ్లందరితో ఉండే పొత్తు అది, అంతే.

6. తిరుగు చూపు చూడండి

క్లాస్‌మేట్‌ను పెట్టినా మారనిది ఒకవైపు లెక్క. ఈ ఇద్దరికే చెందినది తేలాలంటే అమ్మాయి శని నుంచి పిల్లవాడి చంద్రుడు, సూర్యుడు, శుక్రుడి వైపు కూడా కొలవాలి. పిల్లవాడి చంద్రుడు అతని క్లాస్‌మేట్ చంద్రుడు ఒకచోట ఉండరు. రెండు వైపుల నుంచీ గట్టి లెక్క వస్తే, అప్పుడు ఈ జంట మధ్య శని ఉన్నాడని ధైర్యంగా అనొచ్చు.

చాలామంది అమ్మాయి వైపు నుంచి మాత్రమే చూస్తారు, పిల్లవాడి శని ఆమెను ఏం చేస్తాడోనని. ఆమె శని అతన్ని ఏం చేస్తాడో ఎవరూ అడగరు. మనవాళ్ల అలవాటు అది. లెక్కకు మాత్రం ఆ పక్షపాతం పనికిరాదు.

7. మూడింటిలో ఏది?

ఇప్పుడు చదవడం. శని ఎవరిదో వాళ్లు అడిగేవాళ్లు, నియమం పెట్టేవాళ్లు, బాధ్యత ఎత్తుకునేవాళ్లు. ఏ గ్రహాన్ని తాకాడో ఆ మనిషి దాన్ని అనుభవించేవాళ్లు. సంప్రదాయం చదివే తీరు ఇది.

కట్టుబాటు అని చదవాలంటే రెండు కావాలి. శని గట్టిగా తాకి ఉండాలి, అదే జంటలో వెచ్చటి సంబంధం కూడా ఒకటి ఉండాలి. ఒకరి సూర్యుడి దగ్గర ఇంకొకరి చంద్రుడు, లేదా ఒకరి శుక్రుడి దగ్గర ఇంకొకరి చంద్రుడు, ఆరు డిగ్రీల లోపు. శని గోడ కట్టే మేస్త్రి లాంటివాడు. ఇటుకలు ఉంటేనే గోడ. శని తన స్వంత రాశులైన మకరం, కుంభంలో గానీ, ఉచ్చ అయిన తులలో గానీ ఉంటే కట్టుబాటు వైపు ఇంకొంచెం మొగ్గు.

ఆలస్యం అని చదవడానికి నేను శుక్రుడినీ, సప్తమ స్థానాన్నీ, సప్తమాధిపతినీ చూస్తాను. ఒకరి శని రెండోవారి శుక్రుడినో సప్తమాన్నో తాకి, చంద్రుడిని వదిలేస్తే, మనసులు కలిసినా పని నెమ్మదిగా సాగుతుందని చదువుతాం. నిశ్చితార్థానికి, పెళ్లికి మధ్య ఎడం రావడం, ఉద్యోగం కుదిరాక అనడం, అక్క పెళ్లి అయ్యాక అనడం. సమయం పక్కా లేనివాళ్లకు సప్తమం తెలియదు కాబట్టి ఈ భాగం సగమే తేలుతుంది.

బరువు అని చదివేది ఒకవైపు శని–చంద్రుడు ఉండి, తిరుగు చూపు లేక, వెచ్చటి సంబంధం కూడా లేనప్పుడు. చంద్రుడు ఎవరిదో వాళ్లకు తాము ఎప్పుడూ పరీక్ష రాస్తున్నట్టు ఉంటుందని అంటారు. శని మేషంలో నీచలో ఉంటే ఇది ఇంకొంచెం ఎక్కువ.

ఒక హెచ్చరిక. బరువు అంటే మాటల్లో పొదుపు, లెక్కలు అడగడం, తొందరగా మెచ్చుకోకపోవడం. కొట్టడం, తిండి పెట్టకపోవడం, ఫోన్ లాక్కోవడం శని దృష్టి కాదు. అలాంటిదానికి "నీ చంద్రుడి మీద ఆయన శని ఉన్నడు బిడ్డా, ఓర్చుకో" అని చెప్పే వాళ్లుంటే ఆ మాట వినొద్దు. 181కి ఫోన్ చేయండి.

ఒక జంటను పూర్తిగా వేసి చూద్దాం

పిల్లవాడు 1992 ఆగస్టు రెండో వారం. శని మకరం 21, వక్రి. చంద్రుడు వృశ్చికం 22. సూర్యుడు కర్కాటకం 22. శుక్రుడు సింహం 8. అంటే 291, 232, 112, 128.

అమ్మాయి 1995 నవంబర్ మధ్య. శని కుంభం 24. చంద్రుడు కర్కాటకం 19. సూర్యుడు తుల 28. శుక్రుడు వృశ్చికం 20. అంటే 324, 109, 208, 230. ఆమె పుట్టిన సమయం "సాయంత్రం దాటింది" అని మాత్రమే తెలుసు. కాబట్టి లగ్నం వదిలేశాను. 36లో 18 దాటాయి. అయినా తల్లికి భయం, మళ్లీ అదే ఎర్ర గుర్తు.

ముందు పిల్లవాడి శని నుంచి. ఆమె చంద్రుడికి: 109లోంచి 291 తీస్తే మైనస్, 360 కలిపితే 178. 180కి రెండు డిగ్రీల తేడా. ఏడో దృష్టి, గట్టిది. ఆమె సూర్యుడికి: 277. 270కి ఏడు డిగ్రీలు, అంటే రాశి లెక్కలో పదో దృష్టి ఉంది కానీ నా హద్దు దాటింది, వదిలేశాను. ఆమె శుక్రుడికి: 299. మన లెక్కలో ఏమీ లేదు. పాశ్చాత్య లెక్కలో వెనకవైపు 61, అంటే వాళ్లు మంచి సంబంధం అంటారు. ముందే చెప్పాను కదా, ఒక పద్ధతి పట్టుకున్నాక రెండోదాన్ని మధ్యలో తేవద్దు. వదిలేశాను.

ఇక్కడ ఆగితే "పిల్లవాడి శని, అమ్మాయి చంద్రుడు, ఎదురెదురు, బరువు" అని చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. ఇది ఈడువాళ్ల పరీక్షలో నిలవదు. 1992 మార్చి నుంచి డిసెంబర్ దాకా పుట్టిన ఎవరిని తెచ్చినా ఆమె చంద్రుడికి దాదాపు ఇదే.

తిరుగు చూపు. ఆమె శని నుంచి అతని చంద్రుడికి: 232లోంచి 324 తీసి 360 కలిపితే 268. 270కి రెండు డిగ్రీలు. పదో దృష్టి, ఇదీ గట్టిది. అతని క్లాస్‌మేట్‌కు ఇది రాదు, ఎందుకంటే అతని చంద్రుడు వృశ్చికం 22లో ఉన్నది కొన్ని గంటలే. అతని శుక్రుడికి: 164. 180కి 16 డిగ్రీలు దూరం. రాశి చూస్తే సింహం మీద ఏడో దృష్టి ఉన్నట్టే, యాప్ కూడా అదే చూపించింది. డిగ్రీల్లో బలం లేదు. అతని సూర్యుడికి 148, ఏమీ లేదు.

ఇప్పుడు వెచ్చటి సంబంధాలు. అతని సూర్యుడు 112, ఆమె చంద్రుడు 109. మూడు డిగ్రీల్లో ఒక్కచోట. అతని చంద్రుడు 232, ఆమె శుక్రుడు 230. రెండు డిగ్రీల్లో ఒక్కచోట. ఇటుకలు ఉన్నాయి. రెండు శనులూ స్వంత రాశుల్లో.

నేను చెప్పింది ఇది: "మొదట కట్టుబాటు, రెండోది బరువు. ఇద్దరూ ఒకరినొకరు లెక్క అడుగుతారు, ఇద్దరూ వదిలిపెట్టరు. ఆలస్యం గురించి నాకు తెలియదు, ఎందుకంటే లగ్నం లేదు, శుక్రులను శని గట్టిగా తాకలేదు." తల్లికి ఆ "తెలియదు" నచ్చలేదు. ఇంకో చోట అడిగితే ఏడాది ఆగుతుందన్నారట. నాలుగు నెలల్లో పెళ్లయింది.

రెండేళ్ల తర్వాత హన్మకొండ చౌరస్తాలో ఆ అమ్మాయి కనబడింది. ఎట్లున్నవ్ బిడ్డా అంటే నవ్వింది. "కూరగాయలకు పోయొస్తే కూడా లెక్క అడుగుతడు సార్. నేను గూడ ఆయన ఫోన్ రీఛార్జికి లెక్క అడుగుత. కానీ మా బాపుకు ఆపరేషన్ అయితే ఎనిమిది రోజులు దవాఖానల ఆయనే పన్నడు, మా తమ్ముడు కాదు." ఈ ఒక్క జంట కలిసింది కాబట్టి పద్ధతి రుజువైందని నేను అనను. కలవనివి కూడా నా నోట్‌బుక్‌లో ఉన్నాయి.

జనం ఎక్కువగా చేసే తప్పులు

ఏలినాటి శనితో కలిపేయడం. ఏలినాటి అంటే ఇప్పుడు ఆకాశంలో నడుస్తున్న శని మీ చంద్రుడికి 12, 1, 2 రాశుల్లో ఏడున్నరేళ్లు ఉండటం. 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు కాబట్టి ఇప్పుడది కుంభ, మీన, మేష రాశుల వాళ్లకు. అది వస్తుంది, పోతుంది. ఇద్దరి జాతకాల మధ్య శని పుట్టినప్పటి స్థానాల లెక్క, అది మారదు. "మా అల్లుడికి ఏలినాటి, అందుకే మా బిడ్డ మీద శని చూపు" అనేది రెండు వేర్వేరు సంగతులను ముడివేసిన మాట.

శని–శని చూసి భయపడటం, లేదా సంబరపడటం. ఏడాది లోపు తేడా ఉన్న జంటలో ఇద్దరి శనులూ దాదాపు ఒకేచోట ఉంటాయి. ఒకే ఏడు పుట్టారని తప్ప అది ఇంకేమీ చెప్పదు. ఏడేళ్ల పైన తేడా ఉంటే శనుల మధ్య 90 వస్తుంది, అదీ వయసు తేడా చెప్పే మాటే.

సొంత జాతకం మరిచిపోవడం. అమ్మాయి జాతకంలోనే శని, చంద్రుడు కలిసి ఉన్నారనుకోండి. ఆ బరువు ఆమెకు పుట్టింటి నుంచే అలవాటు. భర్త శని వచ్చి కొత్తగా పెట్టేది తక్కువ. పైన చెప్పిన అమ్మాయికి సొంత శని నుంచి సొంత చంద్రుడికి ఎడం 145. దృష్టి లేదు. కాబట్టి ఆమెకు ఈ లెక్కలడగడం కొత్త అనుభవమే అయ్యుంటుంది. లెక్క చేసేటప్పుడు ఇద్దరి సొంత జాతకాలనూ ఇదే సూత్రంతో ఒకసారి కొలవండి, రెండు నిమిషాల పని.

శాంతి ప్యాకేజీలకు వేలకు వేలు కట్టడం. నమ్మకం ఉంటే శనివారం నవగ్రహాల దగ్గర నువ్వుల నూనె దీపం పెట్టుకోండి. పుట్టినప్పటి గ్రహాల మధ్య ఎడం ఏ పూజతోనూ మారదు. మారుతుందని చెప్పి డబ్బు అడిగేవాళ్లు లెక్క చేయలేదన్నమాట.

మీ చదువు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

కొత్త సంబంధం మీద మొదటి ప్రయోగం చేయకండి. మీ ఇంట్లోనే పెళ్లయి పదిహేనేళ్లు దాటిన జంటలు ఐదారు ఉంటాయి. అసలు పుట్టిన తేదీలు తెలిసిన వాళ్లను తీసుకోండి. మీ తమ్ముడితోనో మరదలితోనో తేదీలు మాత్రమే కాగితం మీద రాయించండి, పేర్లు వద్దు. కావాలని రెండు తప్పుడు జోడీలు కూడా కలపమనండి, ఒకరి భర్తకు ఇంకొకరి భార్య తేదీ. అప్పుడు మీరు ఒక్కో జోడీకి "కట్టుబాటు", "ఆలస్యం", "బరువు", "శని లేదు" అని ఒక్క మాట రాసి, కాగితం మడిచి, ఆ తర్వాతే పేర్లు అడగండి.

తప్పుడు జోడీలకు కూడా మీరు చక్కటి కథ చెప్పేసి ఉంటే, హద్దులు వదులుగా పెట్టారన్నమాట. ఆరు డిగ్రీలు కాదు, మూడే పెట్టుకుని మళ్లీ చేయండి. నేను మొదటిసారి చేసినప్పుడు మా బావ భార్య స్థానంలో వేరే ఊరి ఆవిడను పెట్టి ఇచ్చారు. నేను పేజీ నిండా కట్టుబాటు రాశాను. ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

రాసిన కాగితం మీద తేదీ వేసి దాచండి. రెండేళ్లకో మూడేళ్లకో ఆ జంటను అడిగి, పక్కన వాళ్ల మాటనే వాళ్ల మాటల్లో రాయండి. మీ మాటల్లోకి మార్చి రాస్తే ప్రతిదీ శనికి సరిపోతుంది.